హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్: మీటర్డ్ కనెక్షన్ ఏం ఆపుతుంది, ఏం ఆపదు

విండోస్ ల్యాప్‌టాప్‌లో ప్రతి వైఫై నెట్‌వర్క్‌కూ Metered connection అనే స్విచ్ ఒకటి విడిగా ఉంటుంది. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకుండానే ఏళ్లు గడిపేయవచ్చు. ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్ నడిపేవాళ్ల పరిస్థితి వేరు. ఆ స్విచ్ ఆఫ్‌లో ఉంటే రోజంతటికీ వచ్చిన డేటాను ల్యాప్‌టాప్ తన సొంత పనులకు కొద్ది నిమిషాల్లోనే వాడేసుకోగలదు. ఆన్ చేస్తే విండోస్ అప్‌డేట్లు, స్టోర్ యాప్‌ల అప్‌డేట్లు, వన్‌డ్రైవ్ సింక్ లాంటి పెద్ద పనులు ఆగిపోతాయి. అవి ఎందుకు ఆగుతాయో తెలిసినవాళ్లకు, మరికొన్ని ఎందుకు ఆగవో కూడా అర్థమవుతుంది. డేటా మిగిలేది ఆ రెండోది తెలిసినప్పుడే.

ముందు ల్యాప్‌టాప్ అంత డేటా ఎందుకు లాగుతుందో చూడాలి. ఫోన్ పుట్టిందే మొబైల్ డేటా మీద. యాప్‌లను వైఫై దొరికినప్పుడే అప్‌డేట్ చేయాలని, ఫొటోలను వైఫైలోనే బ్యాకప్ చేయాలని దానికి మొదటి నుంచీ నేర్పారు. ల్యాప్‌టాప్‌కు ఆ అలవాటు లేదు. సిమ్ వేసుకునే కొద్దిపాటి మోడళ్లను పక్కన పెడితే, మిగతావాటికి తెలిసినవి వైఫై, కేబుల్ మాత్రమే. ఈ రెండింటినీ విండోస్ హద్దు లేని కనెక్షన్లుగానే లెక్కిస్తుంది. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ల్యాప్‌టాప్ కంటికి కనిపించేది ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ ఉన్న మరో వైఫై. దాని వెనక ఫైబర్ కేబుల్ ఉందా, రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్రీపెయిడ్ సిమ్ ఉందా అన్నది దానికి తెలియదు. వైఫై దొరికింది కదా అని, ఇన్నాళ్లూ వాయిదా వేసిన పనులన్నీ ముందేసుకుంటుంది.

మొబైల్ ఇంటర్నెట్‌తో కంప్యూటర్లు నడపడం పెరిగాక మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్ 8తో పాటు ఈ మీటర్డ్ కనెక్షన్ ఏర్పాటు తెచ్చింది. సిమ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మొబైల్ కనెక్షన్‌ను విండోస్ తనంతట తానే మీటర్డ్‌గా తీసుకుంటుంది. వైఫైకి మాత్రం ఆ మాట మనిషే చెప్పాలి.

అడిగేవాళ్లకే జవాబు

స్విచ్ ఆన్ చేయగానే విండోస్ ఎక్కడో ఒక తలుపు మూసేసి పెద్ద ఫైళ్లను అడ్డుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఏ తలుపూ మూయదు. ఫైలు ఎంత పెద్దదో కొలవదు, ఇంత దాటితే ఆపాలన్న హద్దూ పెట్టుకోదు. ఆ నెట్‌వర్క్ పేరు పక్కన ‘ఇక్కడ డేటాకు ఖర్చుంది’ అని ఒక గుర్తు రాసిపెట్టుకుంటుంది, అంతే. పెద్ద డౌన్‌లోడ్ మొదలుపెట్టే ముందు ఏ ప్రోగ్రామ్ అయినా విండోస్‌ను ‘ఈ కనెక్షన్ ఖర్చు ఎలాంటిది?’ అని అడగవచ్చు. విండోస్ ఆ గుర్తు చూసి జవాబు చెబుతుంది. జవాబు విని ఆగాలా, సాగాలా అన్నది ఆ ప్రోగ్రామ్ ఇష్టం. ఆసుపత్రి ముందు ‘హారన్ మోగించరాదు’ అని పెట్టిన బోర్డు లాంటిదే ఇది. బోర్డు ఏ బండి హారన్‌నూ ఊడదీయదు. చదివి పాటించే డ్రైవర్ ఉంటేనే దానికి విలువ. ఆ స్విచ్ కింద విండోస్ రాసుకున్న వాక్యం కూడా ఇంతే చెబుతుంది: డేటా వాడకం తగ్గించడానికి కొన్ని యాప్‌లు వేరుగా పనిచేయవచ్చు అని. అందులో ‘కొన్ని’ అన్న మాటను, ‘చేయవచ్చు’ అన్న మాటను గట్టిగా పట్టించుకోవాలి.

విండోస్ ఇచ్చే జవాబు ముఖ్యంగా మూడు రకాలు. Unrestricted అంటే హద్దు లేదు. Fixed అంటే ఇంత డేటా అని ఒక కోటా ఉంది. Variable అంటే వాడిన ప్రతి ఎంబీకీ డబ్బు పడుతుంది. సెట్టింగ్స్‌లో స్విచ్ ఆన్ చేసినప్పుడు ఆ వైఫైకి Fixed అన్న గుర్తు పడుతుంది. మన ప్రీపెయిడ్ ప్యాక్‌లకు సరిగ్గా సరిపోయే మాట అదే.

ఈ గుర్తును శ్రద్ధగా పాటించేవి చాలావరకు మైక్రోసాఫ్ట్ సొంత ప్రోగ్రాములే. వాటిలో మొదటిది విండోస్ అప్‌డేట్. మీటర్డ్ అని తెలిసిన కనెక్షన్‌లో అది కొత్త అప్‌డేట్ ఉందో లేదో చూసుకుంటుంది కానీ, దాన్ని తనంతట తాను దించుకోదు. డౌన్‌లోడ్ బటన్ చూపించి మనిషి నొక్కేదాకా ఎదురుచూస్తుంది. విండోస్ సవ్యంగా నడవడానికి తప్పనిసరి అనుకున్న కొన్ని చిన్న అప్‌డేట్లను మాత్రం మినహాయింపుగా తెచ్చుకుంటుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్ కూడా యాప్‌లను తనంతట తాను అప్‌డేట్ చేయడం ఆపుతుంది. వన్‌డ్రైవ్ సింక్‌ను నిలిపి, మీటర్డ్ నెట్‌వర్క్‌లో ఉన్నందువల్ల ఆగానని చెప్పి, అయినా సరే సాగించాలా అని అడుగుతుంది. కొత్త ప్రింటర్ తగిలిస్తే దాని డ్రైవర్ దించుకోవడం కూడా ఆగుతుంది. దానికి సెట్టింగ్స్‌లో వేరే అనుమతి ఉంటుంది.

పెద్దగా ఎవరి దృష్టికీ రానిది ఇంకొకటుంది. విండోస్‌లో Delivery Optimization అనే ఏర్పాటు ఉంది. ఒక కంప్యూటర్ దించుకున్న అప్‌డేట్ ముక్కలను అది పక్క కంప్యూటర్లకు పంచుతుంది. ఇంటర్నెట్‌లో ఉన్న ఇతర కంప్యూటర్లకూ పంచడానికి సెట్టింగ్స్‌లో అనుమతి ఇచ్చి ఉంటే, హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు దించుకున్న డేటాతో పాటు పంపిన డేటా కూడా ప్యాక్‌లోంచే పోతుంది. కోటా లెక్కలో రాకడకూ పోకడకూ తేడా లేదు. మీటర్డ్ గుర్తు ఉన్న నెట్‌వర్క్‌లో విండోస్ ఈ పంపకాన్ని ఆపేస్తుంది.

ఇక పాటించనివాటి సంగతి. క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో ఒక లింక్ నొక్కి 2 జీబీ ఫైలు దించితే, స్విచ్ ఆన్‌లో ఉన్నా అది దిగుతుంది. యూట్యూబ్ వీడియో ఎప్పటిలాగే నడుస్తుంది. పైగా ల్యాప్‌టాప్ తెర పెద్దది కాబట్టి, ఫోన్‌లో చూసే దానికంటే ఎక్కువ నాణ్యత గల వీడియోనే తరచుగా వస్తుంది. 1080పీలో గంట చూస్తే 1 జీబీ దాటడం మామూలే. గేముల లాంచర్లు, టొరెంట్ ప్రోగ్రాములు, వీడియో కాల్స్‌ను ఈ గుర్తు ఆపుతుందని నమ్మకం పెట్టుకోకూడదు. ఇందులో ఒక న్యాయం కూడా ఉంది. మనిషి కావాలని నొక్కిన పనిని ఆపడం ఈ ఏర్పాటు ఉద్దేశమే కాదు. ఎవరూ అడగకుండా వెనకాల జరిగే పనిని తగ్గించడానికే దీన్ని తయారు చేశారు. విండోస్ అప్‌డేట్ కూడా బటన్ నొక్కితే మీటర్డ్ కనెక్షన్‌లోనే నిక్షేపంగా దిగుతుంది. చిక్కంతా గేమ్ లాంచర్ల లాంటి వాటితోనే. అవి వెనకాల పనిచేస్తూ కూడా ఈ ప్రశ్న అడగకపోవచ్చు. అలాంటివాటి ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆయా ప్రోగ్రాముల సెట్టింగ్స్‌లోకి వెళ్లి విడిగా ఆపుకోవాలి.

ఒక బుధవారం లెక్క

హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ, రోజుకు 1.5 జీబీ ఇచ్చే 4జీ ప్యాక్ మీద ల్యాప్‌టాప్ నడిపే ఒక విద్యార్థిని ఊహించుకుందాం. మైక్రోసాఫ్ట్ తన నెలవారీ భద్రతా అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటల వేళ అవి బయటికి వస్తాయి. అప్పుడు మన దగ్గర మంగళవారం రాత్రి 10:30 అవుతుంది, అక్కడి చలికాలపు గడియారం ప్రకారమైతే 11:30. అంటే భారతదేశంలో చాలా ల్యాప్‌టాప్‌లకు ఆ కబురు అందేది బుధవారం తెరిచినప్పుడు, లేదా ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో. ‘నెలకోసారి ఎందుకో డేటా గబగబా అయిపోతుంది’ అనుకునేవాళ్లు ఆ రోజులను క్యాలెండర్‌తో పోల్చి చూస్తే చాలాసార్లు కారణం దొరుకుతుంది.

ఆ బుధవారం ఉదయం ఎనిమిదింటికి విద్యార్థి హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్ తెరిచాడు. తొమ్మిదింటికి ఆన్‌లైన్ క్లాస్. దానికి అర జీబీ చాలనుకుందాం. స్విచ్ మాత్రం ఆఫ్‌లో ఉంది. అప్‌డేట్ పరిమాణం నెలను బట్టి, కంప్యూటర్‌ను బట్టి మారుతుంది. ఈ లెక్కకు 900 ఎంబీ అనుకుందాం. స్టోర్ యాప్‌లు మరో 300 ఎంబీ, రాత్రి కెమెరా నుంచి కాపీ చేసిన ఫొటోలను వన్‌డ్రైవ్ పైకి పంపడానికి 200 ఎంబీ. మొత్తం 1,400 ఎంబీ. హాట్‌స్పాట్ వేగం 20 ఎంబీపీఎస్ అయితే సెకనుకు దాదాపు రెండున్నర ఎంబీ వస్తుంది. ఆ పనులన్నీ అడ్డు లేకుండా సాగితే పది నిమిషాలు కూడా పట్టదు. క్లాస్ మొదలయ్యేసరికి మిగిలేది 100 ఎంబీ. తెర మీద ఏ హెచ్చరికా రాదు, ఏ కిటికీ తెరుచుకోదు. డేటా అయిపోయిందన్న సందేశం ఫోన్‌కు వచ్చాకే విషయం తెలుస్తుంది.

ఆ తర్వాత జరిగేది ఇంకా ఇబ్బంది. రోజు కోటా పూర్తయ్యాక మన ప్రీపెయిడ్ ప్యాక్‌లలో ఇంటర్నెట్ పూర్తిగా ఆగదు. వేగం చాలా తగ్గిపోతుంది, పలు ప్యాక్‌లలో 64 కేబీపీఎస్‌కు. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఒక ఎంబీ ఫొటో రావడానికి రెండు నిమిషాలు దాటుతుంది. గంటసేపు ఆగకుండా లాగినా 29 ఎంబీ మించదు. ఆ వేగంతో 1 జీబీ రావాలంటే దాదాపు 35 గంటలు కావాలి. క్లాస్ సంగతి అటుంచితే, వాట్సాప్‌లో వచ్చిన నోట్సు పీడీఎఫ్ కూడా తెరుచుకోదు. రాత్రి పన్నెండు దాటి కొత్త కోటా వచ్చేదాకా ఎదురుచూడడమో, డబ్బు పెట్టి డేటా బూస్టర్ వేసుకోవడమో తప్ప దారి లేదు.

అదే స్విచ్ ఆన్‌లో ఉండి ఉంటే ఆ మూడు పనులూ మొదలయ్యేవి కావు. 900 ఎంబీ అప్‌డేట్ సిద్ధంగా ఉందన్న కబురుతో, డౌన్‌లోడ్ బటన్‌తో విండోస్ ఆగిపోయేది. క్లాస్ అయ్యాక కూడా ఒక జీబీ దాకా చేతిలో ఉండేది.

స్విచ్ పెట్టే పద్ధతి, తప్పే చోట్లు

ముందు ల్యాప్‌టాప్‌ను హాట్‌స్పాట్‌కు కనెక్ట్ చేయాలి. విండోస్ 11లో Settings తెరిచి Network & internet లోకి వెళ్తే, కనెక్ట్ అయి ఉన్న నెట్‌వర్క్ Properties పైనే కనిపిస్తాయి. అది తెరిస్తే Metered connection స్విచ్ ఉంటుంది. విండోస్ 10లో Network & Internet, Wi-Fi వరుసలో వెళ్లి నెట్‌వర్క్ పేరు నొక్కితే Set as metered connection అని ఉంటుంది. కొత్త హాట్‌స్పాట్‌కు మొదటిసారి కనెక్ట్ అయిన వెంటనే వెనకాల పనులు మొదలైపోవచ్చు కాబట్టి, మిగతా ఏ పనికంటే ముందు ఇది చేయడం మంచిది.

గుర్తు నిజంగా పడిందో లేదో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక వరుస చాలు. హాట్‌స్పాట్ పేరు MyPhone అనుకుంటే:

```
netsh wlan show profile name="MyPhone"
```

వచ్చే జవాబులో అడుగున Cost settings అనే భాగం ఉంటుంది. అక్కడ Cost ఎదురుగా Fixed అని, Cost Source ఎదురుగా User అని ఉంటే మనిషి పెట్టిన గుర్తు పనిచేస్తోందని అర్థం. Unrestricted అని ఉంటే గుర్తు పడలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లకుండా ఇక్కడి నుంచే పెట్టాలన్నా వీలుంది:

```
netsh wlan set profileparameter name="MyPhone" cost=Fixed
```

ఈ గుర్తు నెట్‌వర్క్ పేరుకు అతుక్కుని ఉంటుంది. దీనివల్ల ఒక పెద్ద సుఖం ఉంది. ఇంటికి వెళ్లి బ్రాడ్‌బ్యాండ్ వైఫైకి మారగానే అప్‌డేట్లు వాటంతట అవే సాగుతాయి. మళ్లీ హాట్‌స్పాట్‌కు వస్తే ఆగుతాయి. స్విచ్‌ను రోజూ మార్చనక్కర్లేదు. స్విచ్ పెట్టినా డేటా పోయిందని వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం కూడా ఇదే. ఫోన్ మార్చినా, అదే ఫోన్‌లో హాట్‌స్పాట్ పేరు మార్చినా విండోస్‌కు అది కొత్త నెట్‌వర్క్. కొత్తదానికి స్విచ్ మళ్లీ ఆఫ్‌లోనే మొదలవుతుంది. అన్న ఫోన్‌కు పెట్టిన గుర్తు చెల్లి ఫోన్‌కు వర్తించదు. సౌకర్యంగా ఉంటుందని హాట్‌స్పాట్‌కు ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డే పెట్టేవాళ్లు కొందరున్నారు. అలా చేస్తే విండోస్ ఆ రెండింటినీ ఒకటిగానే చూస్తుంది. గుర్తు పెడితే ఇంట్లోనూ అప్‌డేట్లు ఆగుతాయి, తీసేస్తే హాట్‌స్పాట్‌లోనూ దిగుతాయి. రెండు పేర్లూ వేరుగా ఉండి తీరాలి.

గుర్తు ఉండేది ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో కాదు. ఒక గదిలో ముగ్గురు ఒకే హాట్‌స్పాట్ పంచుకుంటే మూడు ల్యాప్‌టాప్‌లలోనూ విడివిడిగా స్విచ్ పెట్టాలి. రెండింటిలో పెట్టి మూడోది మర్చిపోతే, ఆ మూడోది ఒక్కటే అందరి డేటానూ ఖాళీ చేయగలదు.

యూఎస్‌బీ కేబుల్‌తో టెదరింగ్ చేసేవాళ్లు ఇంకో తేడా గమనించాలి. ఛార్జింగ్ కూడా అవుతుందని, వేగం నిలకడగా ఉంటుందని చాలామంది ఆ పద్ధతి వాడతారు. కేబుల్ ద్వారా వచ్చే ఇంటర్నెట్‌ను విండోస్ వైఫైగా కాక ఈథర్‌నెట్‌గా చూస్తుంది. వైఫై హాట్‌స్పాట్‌కు పెట్టిన గుర్తు దానికి అంటదు. ఫోన్ అదే, సిమ్ అదే అయినా దారి మారింది కాబట్టి, Network & internet లోని Ethernet భాగంలో ఉన్న Metered connection స్విచ్‌ను మరోసారి ఆన్ చేయాలి. ఈథర్‌నెట్‌కు ఈ స్విచ్‌ను సెట్టింగ్స్‌లో చేర్చింది 2017 నాటి విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌తో. అంతకుముందు దానికోసం రిజిస్ట్రీలోకి దిగాల్సి వచ్చేది.

అన్నీ సరిగా ఉన్నా డేటా కరుగుతోందంటే దొంగను పట్టుకోవడానికి టాస్క్ మేనేజర్ ఉంది. Ctrl, Shift, Esc కలిపి నొక్కి తెరిచి, Network అన్న నిలువు వరుస తల మీద నొక్కితే ఎక్కువ డేటా లాగుతున్నది పైకి వస్తుంది. అక్కడ Service Host: Delivery Optimization అనో, Service Host: Background Intelligent Transfer Service అనో కనిపిస్తే లాగుతున్నది విండోసే కావచ్చు. అప్పుడు Windows Update లో Advanced options తెరిచి, Download updates over metered connections అన్నది ఆన్‌లో ఉందేమో చూడాలి. అది ఆన్‌లో ఉంటే మీటర్డ్ గుర్తు ఉన్నా అప్‌డేట్లు దిగుతాయి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే, ఈ నిర్ణయం అక్కడి ఐటీ విభాగం చేతిలో ఉండవచ్చు. గుర్తుతో సంబంధం లేకుండా అప్‌డేట్లు దించే నియమం వాళ్లు పెట్టి ఉంటే ఉద్యోగి మార్చలేడు. పైకి వచ్చిన పేరు బ్రౌజర్‌దో గేమ్ లాంచర్‌దో అయితే సమస్య ఆ ప్రోగ్రామ్‌లోనే ఉంది. కొన్ని వారాల లెక్క కావాలంటే Advanced network settings లోని Data usage పేజీ ఏ యాప్ ఎంత వాడిందో నెట్‌వర్క్‌వారీగా చూపిస్తుంది.

కొళాయి ఫోన్‌లోనే

ల్యాప్‌టాప్ గుర్తు ఎంత మంచిదైనా, కచ్చితమైన ఆనకట్ట వేయగలిగేది ఫోన్ మాత్రమే. డేటా అంతా దాని గుండానే పోతుంది. ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామ్ మాట విన్నా వినకపోయినా, ఫోన్ ఆపితే ఆగాల్సిందే. ఆండ్రాయిడ్‌లో మొబైల్ డేటా వాడకానికి ఒక హెచ్చరిక, ఒక పరిమితి పెట్టుకోవచ్చు. పరిమితి తగలగానే మొబైల్ డేటా ఆగిపోతుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోనే ఇన్ని ఎంబీలు వాడాక హాట్‌స్పాట్ ఆపేయమని చెప్పే వీలుంది. క్లాస్‌కు 600 ఎంబీ చాలనుకుంటే అంతే పెట్టి వదిలేయవచ్చు. మీటర్డ్ గుర్తు, ఈ పరిమితి కలిసి ఉంటే మొదటిది వృథాను తగ్గిస్తుంది, రెండోది తగ్గించలేకపోయిన దాన్ని అడ్డుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లోని డేటా సేవర్‌ను మాత్రం దీనితో కలపకూడదు. అది ఫోన్ యాప్‌ల కోసం పెట్టింది, హాట్‌స్పాట్ మీది ల్యాప్‌టాప్ కోసం కాదు. చాలా ఫోన్లలో డేటా సేవర్ ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్ అసలు మొదలే కాదు. హాట్‌స్పాట్ బటన్ మసకబారి నొక్కుడుపడకపోతే ముందు చూడాల్సింది దాన్నే.

అపరిమిత 5జీ ఉన్న ప్యాక్ వాడేవాళ్లు ఈ గొడవ తమకు లేదనుకుంటారు. ఆ అపరిమితం 5జీ సిగ్నల్ మీద ఉన్నంతసేపే. గది లోపలికి వెళ్లినప్పుడో, ఊరు దాటినప్పుడో ఫోన్ 4జీకి జారిపోతే రోజు కోటా కరగడం మొదలవుతుంది. ఆ మార్పు ల్యాప్‌టాప్‌కు తెలియదు, దానికి వైఫై ఎప్పటిలాగే ఉంది. అందువల్ల 5జీ హాట్‌స్పాట్‌కూ గుర్తు పెట్టి ఉంచడమే క్షేమం.

విండోస్ కాని యంత్రాల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. మ్యాక్‌లో వైఫై నెట్‌వర్క్ వివరాల్లో Low Data Mode అనే స్విచ్ ఉంటుంది, దాని ఉద్దేశమూ ఇదే. లినక్స్ కథ కాస్త ఆసక్తికరమైనది. ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చేటప్పుడు, కనెక్ట్ అయిన పరికరానికి ఐపీ చిరునామాతో పాటు ANDROID_METERED అనే మాట కూడా పంపుతుంది. అంటే ఇది లెక్కగల డేటా అని ఫోనే చెబుతోంది. మరో ఆండ్రాయిడ్ పరికరం ఆ మాట అర్థం చేసుకుంటుంది. లినక్స్‌లో కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ కూడా దాన్ని చదివి, ఈ వైఫై మీటర్డ్ కావచ్చని తనే ఊహిస్తుంది. విండోస్‌లో మాత్రం ఆ మాట మీద నమ్మకం పెట్టుకోకుండా స్విచ్‌ను చేత్తో పెట్టుకోవడమే మేలు.

చివరగా మిగిలింది ఈ స్విచ్ వల్ల వచ్చే నష్టం. అది నిజమైన నష్టమే. బ్రాడ్‌బ్యాండ్ ఊసే లేకుండా ఎప్పుడూ హాట్‌స్పాట్ మీదే బతికే ల్యాప్‌టాప్‌లో గుర్తు శాశ్వతంగా ఆన్‌లో ఉంటే భద్రతా అప్‌డేట్లు నెలల తరబడి దిగవు. బ్యాంకు లావాదేవీలు, పరీక్షల దరఖాస్తులు అన్నీ దాని మీదే చేసే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఇంటి వైఫైకి ఎవరో పొరపాటున ఈ గుర్తు పెట్టి మర్చిపోయినా ఫలితం ఇదే. Windows Update పేజీలో మీటర్డ్ కనెక్షన్ ప్రస్తావన కనిపిస్తే, ఇంట్లో ఉండి కూడా అప్‌డేట్లు ఎందుకు రావడం లేదో తెలిసిపోతుంది.

హాట్‌స్పాట్ తప్ప వేరే దారి లేనివాళ్లు అప్‌డేట్‌ను మానేయడం కాదు, దానికి ఒక వేళ కేటాయించాలి. రెండో మంగళవారం గడిచిన తర్వాతి రోజుల్లో, పగటి కోటా మిగిలిన ఒక రాత్రి పదకొండింటికి Windows Update తెరిచి డౌన్‌లోడ్ బటన్ నొక్కవచ్చు. ఎలాగూ పన్నెండింటికి మురిగిపోయే డేటా అది. అప్పటికి అప్‌డేట్ పూర్తి కాకపోతే మిగిలిన భాగం కొత్త కోటాతో సాగుతుంది. మధ్యలో సిగ్నల్ పోయినా, హాట్‌స్పాట్ ఆగినా విండోస్ అప్‌డేట్ మొదటికి రాదు, దిగిన ముక్కలు ఉండగా మిగతావాటి కోసమే వెళ్తుంది. వన్‌డ్రైవ్‌లో పంపాల్సిన ఫొటోలకూ ఆ గంటే అనువైనది. పని పూర్తయ్యాక ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆపి పడుకోవాలి. మూత వేసిన ల్యాప్‌టాప్ నిద్రలో ఉందనుకున్నా, కొన్ని కొత్త మోడళ్లు నిద్రలోనూ నెట్‌వర్క్‌ను వదలవు.